మెడ కొలత

ఇప్పటికీ దుకాణంలో పిల్లల టీషర్టు చేతికొస్తే ముందు మెడ పట్టుకుని సాగదీస్తాను. బేరం సంగతి తర్వాత. దుకాణం వాడు "అమ్మా, కొనకుండానే చింపేస్తారా ఏంటి?" అంటాడు. అననీ. మెడ సాగినప్పుడు లోపల దారం టిక్కుమందంటే చాలు, దాన్ని అక్కడే పడేస్తాను. ఆ చొక్కా మీద కోపం కాదు. నా మీద నాకే రోత.

నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్తుంటే హైవే పక్కన ఉండేది మా బట్టల ఫ్యాక్టరీ. పేరు చెప్పను. నేను పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చి, మెయిన్ రోడ్డు మీద కంపెనీ బస్సెక్కేదాన్ని. మిరపకాయ కోతలకు పోయే ఆడవాళ్ళలో సగం మంది ఎండన పడకుండా నీడపట్టున పని దొరికిందని ఆ బస్సే ఎక్కేవాళ్ళు. నేను కుట్టు మిషను మీద చేరాను. తర్వాత చెకర్ని అయ్యాను. ఆ తర్వాత క్వాలిటీ ఆడిటర్ అన్నారు. మెడలో టేపు, చేతిలో ఎర్ర బాణం స్టిక్కర్లు, జేబులో దారం కత్తెర. కొనేవాళ్ళ తరఫున ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేలోపే ఆయన చూసినట్టుగా నేను చూసి, తప్పులు పట్టుకుని రాయాలి. నా పని అంతే. ఆ పనంటే నాకు గర్వం కూడా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ పని ఎలా జరుగుతుందో చెప్తేగానీ మిగతాది అర్థం కాదు. ఆర్డరు ఆరువేల నాలుగొందల చొక్కాలు. అన్నీ విప్పి చూడటం ఎవరి వల్లా కాదు. అందుకని ఒక పట్టిక ఉంటుంది. ఎన్ని చొక్కాల ఆర్డరుకి ఎన్ని తీసి చూడాలో అందులో ఉంటుంది. లెవెల్ టూ అంటే మామూలు పరీక్ష. ఆరువేల నాలుగొందలకి రెండొందలు తియ్యాలి. లెవెల్ వన్ అయితే ఎనభై చాలు. ఆ రెండొందల్లో పెద్ద తప్పులు పది దాకా ఉంటే సరుకు పాసు. పదకొండోది దొరికితే ఫెయిలు. చిన్న తప్పులు పద్నాలుగు దాకా పరవాలేదు, పదిహేనైతే ఫెయిలు. విరిగిన సూది ముక్క లాంటిది ఒక్కటి దొరికినా ఇంక మాటల్లేవు. కుట్టు తెగడం, మధ్యలో కుట్టు పడకుండా మిషను దాటేయడం, అతుకు విడిపోవడం, నూనె మరక, ఇవి పెద్ద తప్పులు. కత్తిరించని దారం కొస చిన్న తప్పు.

ఆ పట్టిక రాసినవాళ్ళు బుద్ధిమంతులే. మా వాళ్ళే దాన్ని ఇంకో రకంగా చదివేవాళ్ళు. "పది దాకా చేసుకోవచ్చంట కదండీ" అని నవ్వుకునేవాళ్ళు. దొంగతనానికి లైసెన్సు ఇచ్చినట్టు మాట్లాడేవాళ్ళు. వినీ వినీ నాకు ఒళ్ళు మండేది.

మెడలు కుట్టే మిషను మీద ఒక అక్క ఉండేది. నాకంటే పదేళ్ళు పెద్దది. నందిగామలో చర్చి వెనక వీధిలో ఇల్లు. భర్త లేడు, ఇంటర్ చదివే కూతురు. ఆ కూతురి ఫీజూ ఇంటి అద్దే కాదు, పొయ్యి వెలగడం కూడా ఆ మిషను మీదే. నేను చేరిన కొత్తలో, మెడకి వేసే సాగే గుడ్డ రిబ్బు పట్టీని నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని, మెడ చుట్టూ ఎక్కడా ముడత పడకుండా సమంగా సాగదీస్తూ కుట్టడం నేర్పింది ఆమే. "అమ్మాయ్, చేత్తో లాగమాక. మిషను పళ్ళని లాక్కోనీ. నువ్వు దారి చూపించు చాలు" అనేది. ఆమె కుట్టిన మెడ తిరగేస్తే లోపలి వైపు కూడా ముచ్చటగా ఉండేది. ఏడేళ్ళలో ఆమె మిషను దగ్గర నేను పెట్టిన ఎర్ర స్టిక్కర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పెట్టినప్పుడల్లా ఆమె వాదించేది కాదు. చూసి, "అవును, నా తప్పే" అని విప్పేసేది. అట్లాంటి మనిషి ఫ్లోరంతా వెతికినా ఇంకొకరు దొరకరు.

ఆ ఆర్డరు చిన్నపిల్లల టీషర్టులు. పిల్లల చొక్కాల్లో మెడ కొలత చాలా ముఖ్యం. ఛాతీ ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారు. పొడుగూ అంతే. మెడకి మాత్రం అటు ఉండొచ్చు కానీ ఇటు ఉండకూడదు. అన్నిటికంటే చిన్న సైజుకి మెడను పూర్తిగా సాగదీస్తే చుట్టుకొలత యాభై నాలుగు సెంటీమీటర్లు రావాలి. ఎక్కువైతే సరే. అర సెంటీమీటరు తగ్గినా కుదరదు. ఎందుకంటే పిల్లాడి తల పట్టాలి. తల పట్టని చొక్కాని తల్లి బలవంతంగా లాగితే, చెవులు నలిగి పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తాడు. ఇది తెలియడానికి ఇన్‌స్పెక్టరు అక్కర్లేదు, పిల్లల్ని కన్న ఎవరికైనా తెలుసు.

ఇన్‌స్పెక్షన్ ఇంకా మూడు రోజులుందనగా ఇస్త్రీ బల్లల దగ్గర నేను కొలతలు తీశాను. మొదటి చొక్కా యాభై రెండు. టేపు సరిగ్గా పెట్టలేదేమో అనుకుని మళ్ళీ తీశాను. యాభై రెండే. పక్కది యాభై రెండున్నర. నాలుగు సైజుల్లోనూ మెడ తక్కువే. కటింగ్ సెక్షనుకి వెళ్ళి అడిగితే అక్కడి మాస్టరు గోడకేసి చూస్తూ చెప్పాడు. రిబ్బు గుడ్డ తక్కువొచ్చిందట. ఇంకా తెప్పించాలంటే ఆలస్యమని పట్టీ ఒక్కొక్కటీ కాస్త కురచ చేసి కోశారట. "సారు చెయ్యమన్నారు. రిబ్బే కదా, సాగుద్ది" అన్నాడు.

నేను ఫెయిలని రాసి కాయితం తీసుకెళ్ళి ప్రొడక్షన్ మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన అది చదవనైనా చదవలేదు.

"ఏమ్మా, ఇప్పుడు ఆరువేల మెడలు విప్పమంటావా?"

"మెడ పట్టట్లేదు సార్. ఇది మైనస్ జీరో, కాస్త కూడా తగ్గకూడదు. వాళ్ళు ఒప్పుకోరు."

"పట్టకపోతే పట్టేట్టు చేద్దాం. ఇస్త్రీవాళ్ళకి చెప్పు. ఆవిరి పెట్టి బల్ల మీద లాగమను. లాగిన వెంటనే ప్యాకింగు చేసెయ్యాలి. వాడొచ్చి కొలిచేదాకా ఆగితే చాలు."

ఛీ, ఇదీ ఒక ఆలోచనేనా అనుకున్నాను. బయటికి మాత్రం "సరే సార్" అన్నాను. ఆ "సరే"ని ఇప్పటికీ నాలుక మీద నుంచి కడుక్కోలేకపోతున్నాను.

రెండు రోజులు లాగారు. మెడ పట్టేంత చెక్క పలకలు రెండు చేయించారు. వాటికి చొక్కా మెడ తగిలించి, ఆవిరి కొట్టి, ఒకళ్ళు ఇటు ఒకళ్ళు అటు పట్టుకుని గుంజడం. వేడికి రిబ్బు సాగి, సాగినచోటే కాసేపు ఉండిపోతుంది. కవర్లో బిగించకుండా ఒక రోజు ఊరికే పడేస్తే మళ్ళీ దగ్గరికొచ్చేస్తుంది. కానీ కుట్టుదారం రిబ్బులా సాగదు. దానికో హద్దుంటుంది. ఆ హద్దు దాటిస్తే తెగుతుంది. లాగుతుంటే టిక్, టిక్ అని చప్పుడు. నాకు వినిపించింది. ఇస్త్రీవాళ్ళకీ వినిపించింది. ఒకామె నాకేసి చూసి "తెగుతున్నయ్ మేడం" అంది. నేను మొహం తిప్పుకుని వెళ్ళిపోయాను. ఆ ముందు వారం రోజులూ ఆ మెడ కుట్లు మిషను దగ్గరే చెక్ చేసింది నేనే. తెగిన కుట్టు ఒక్కటీ లేదు. నా చేత్తో సున్నా అని రాసిన కాయితాలు ఫ్యాక్టరీలో నా బీరువాలోనే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు పొద్దున్నే విజయవాడ నుంచి కారులో వచ్చాడు. కుర్రాడే, కానీ మెతకవాడు కాదు. మేనేజరు టిఫినూ కాఫీ అన్నీ అయ్యాక మెల్లగా మాట కదిపాడు.

"సార్, పాత ఫ్యాక్టరీ కదా, లెవెల్ వన్ కానిచ్చేయండి. ఎనభై చూస్తే సరిపోద్ది."

"ఆర్డరు మీద లెవెల్ టూ అని ఉందండి. రెండొందలు చూడాల్సిందే" అన్నాడతను.

ముందు వరసలో మంచి చొక్కాలున్న అట్టపెట్టెలు పేర్చి పెట్టారు మావాళ్ళు. అతను వాటి వంక కూడా చూడలేదు. నూట అరవై పెట్టెల్లో పదమూడు నెంబర్లు తనే రాసుకుని, వెనక నుంచీ అడుగు నుంచీ తీయించాడు. ముందు కొలతలు. సైజుకి నాలుగేసి చొక్కాలు బల్ల మీద పరిచి, లాగకుండా చేత్తో సర్ది, ఛాతీ, పొడుగు, చెయ్యి కొలిచాడు. తర్వాత మెడ సాగదీసి టేపు పెట్టాడు. యాభై నాలుగు. యాభై నాలుగున్నర. పాసు. మేనేజరు నాకేసి చూసి కన్ను గీటాడు. ఆ కన్ను గీటడం తలుచుకుంటే ఇప్పటికీ ఒంటి మీద బల్లి పాకినట్టుంటుంది.

తర్వాత కుట్లు చూడటం మొదలుపెట్టాడు. ఒకటి తీసి మెడ చుట్టూ వేలు పెట్టి సాగదీశాడు. తెగిన కుట్టు. స్టిక్కరు పెట్టి పక్కన పెట్టాడు. ఇంకోటి. మధ్యలో నూనె మరక ఒకటి, కుట్టు దాటేసినవి రెండు. పదకొండోది వచ్చేసరికి మేనేజరు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. అతను ఆగలేదు, రెండొందలూ చూశాడు. పెద్ద తప్పులు పదహారు. అందులో పదమూడు మెడ దగ్గర తెగిన కుట్లే. చిన్నవి తొమ్మిది, వాటితో గొడవ లేదు. ఫెయిలని రాసి, కారణమేంటో, ఏం సరిచేశారో రాసి పంపమని ఒక ఫారం ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే మేనేజరు గదిలో ఫారం నింపారు. ఎందుకు జరిగింది అన్నచోట "మెడ ఆపరేటరు అజాగ్రత్త, దారం బిగువు తప్పు" అని రాయమన్నాడు. ఏం చర్య తీసుకున్నారు అన్నచోట "సదరు ఆపరేటరును తొలగించాం" అని.

"సార్, ఆమె కుట్టింది బానే ఉంది. తెగింది పలకల మీద లాగినప్పుడు" అన్నాను.

"మరి లాగామని రాద్దామా? రాసి అందరం ఇంటికి పోదామా? ఆరొందల మంది పొట్ట కొడతావా? ఒక్క మనిషమ్మా. ఆమె కోసం అడగడానికి ఎవరొస్తారు?"

ఆ చివరి మాట నిజం. ఆమె తరఫున అడగడానికి ఎవరూ రారని తెలిసే అంతమందిలో ఆమెను ఏరాడు. నన్నెందుకు ఏరలేదంటే, మాకు నాలుగెకరాలుంది, మా బాబాయి గేటు దగ్గరికొచ్చి నలుగురిని పోగేసి అరవగలడు. అదంతా నాకు తెలుసు. తెలిసే పెన్ను తీసుకున్నాను. ఆడిటరు చేతిరాతే కావాలట. నేను రాశాను. కింద సంతకం కూడా పెట్టాను. తెలుగులో చెప్పాలంటే ఒక మంచి మనిషి పొట్ట కొట్టాను.

మర్నాడు ఆమెను పిలిచి ఆ కాయితం చూపించి పంపించేశారు. గేటు దగ్గర నాకు ఎదురుపడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నిలబడి తన చేతులకేసి చూసుకుంటూ అడిగింది.

"అమ్మాయ్, పదమూడు తెగినయ్యంట. నిజంగా నా కుట్టేనా?"

నేను మెడలో టేపు తీసి చుట్టుకుంటూ నిలబడ్డాను.

"నువ్వు చూసి రాసావంటే నిజమే అయ్యుంటది లేమ్మా. నువ్వైతే ఉత్తినే రాయవు" అని క్యారేజీ సంచి భుజానేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాను. పక్కన కూర్చున్న మేనేజరు మనుషులు పెరుగన్నం జుర్రుకుంటూ నవ్వుకుంటుంటే లేచి వెళ్ళి బోరింగు దగ్గర వాంతి చేసుకున్నాను. వాళ్ళని చూసి కాదు. వాళ్ళ పక్కన కూర్చుని అదే కంచంలో తింటున్నాను కదా, అందుకు.

నాలుగు రోజుల్లో మళ్ళీ ఇన్‌స్పెక్షన్. ఆరువేల చొక్కాలూ కవర్లు విప్పి, తెగిన కుట్లు ఏరి మళ్ళీ కుట్టించారు. ఈసారి పలకల జోలికి పోలేదు, మళ్ళీ తెగుతాయని భయం. నాలుగు రోజులు బల్లల మీద పడున్నాయి కాబట్టి మెడలు చక్కగా దగ్గరికొచ్చేశాయి. నేను కొలిచి చూశాను. మళ్ళీ యాభై రెండే. మేనేజరు లెక్క ఏంటంటే, రెండోసారి వచ్చినవాడు ఫెయిలైన కుట్లే చూస్తాడు, పాసైన కొలతల జోలికి పోడు. చాలామంది అలాగే చేస్తారు కూడా.

అదే అయ్యింది. అతను పెట్టెలు తీయించాడు, రెండొందలు చూశాడు. పెద్ద తప్పులు ఆరు. మేనేజరు మొహం మతాబులా వెలిగిపోయింది. అతను పెన్ను తీశాడు.

"సార్, మెడ కూడా ఒకసారి కొలవండి" అన్నాను.

మేనేజరు "ఏమ్మా, మొన్న పాసయ్యింది కదా, పని చూసుకో" అన్నాడు. ఇన్‌స్పెక్టరు నాకేసి చూశాడు, టేపు తీశాడు. యాభై రెండు. యాభై రెండున్నర. యాభై రెండు. పన్నెండు చొక్కాలు కొలిచాక ఆపి అడిగాడు.

"మొన్న యాభై నాలుగు ఎలా వచ్చిందండీ?"

"లాగాం సార్. ఆవిరి పెట్టి పలకల మీద లాగాం. కుట్లు తెగింది కూడా అందుకే. ఆపరేటరు తప్పు లేదు. నేను రాసింది అబద్ధం" అన్నాను. బీరువాలో నుంచి సున్నాలు రాసిన కాయితాలు తెచ్చి అతని ముందు పెట్టాను.

సరుకు మళ్ళీ ఫెయిలయ్యింది. ఈసారి కొలతల మీద. మెడలన్నీ విప్పి కొత్త రిబ్బు వేయక తప్పలేదు. ఆరొందల మంది పొట్టా ఏమీ కొట్టుకుపోలేదు. ఓవర్‌టైము చేశారు, పది రోజులు ఆలస్యంగా సరుకు పోయింది. అంతే! అంతమాత్రానికి ఒక మనిషిని బలిచ్చారు.

నేను ఇన్‌స్పెక్టరుని అడిగాను, "సార్, ఆమె మీద రాసిన ఫారం వెనక్కి తీసేయొచ్చా?" అని. అతను తల గోక్కున్నాడు. "అది పోయిన రిపోర్టండీ. పంపేశారు, కొనేవాళ్ళు ఒప్పేసుకున్నారు. మూసేసిన ఫైలు నేను తెరవలేను" అన్నాడు. మేనేజరు దగ్గరికి వెళ్ళాను. సిగ్గూ శరం లేకుండా కూల్‌గా చెప్పాడు.

"తొలగించామని రాసింది నువ్వే కదమ్మా. రేపు ఆడిట్‌కొచ్చినవాడు ఆమెను మిషను మీద చూస్తే ఏం చెప్పాలి? అబద్ధం రాసాం అని చెప్పమంటావా?"

అబద్ధం అబద్ధమని తేలింది. తేల్చింది కూడా నేనే. అయినా ఫైల్లో అది నిజంగానే ఉంది, నా సంతకంతో సహా. ఆ నెలాఖరుకి నేను మానేశాను. ఎవరూ ఆపలేదు.

మానేసిన మర్నాడు నందిగామలో ఆమె ఇంటికి వెళ్ళాను. వరండాలో కాలిమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. పలకల సంగతి, ఫారం సంగతి, నేను భయపడి రాసిన సంగతి, అన్నీ. "నీ కుట్టు బంగారమక్కా. పాపిష్టిదాన్ని నేనే" అని ఏడ్చాను.

ఆమె మిషను ఆపి నా తల నిమిరింది.

"ఊరుకో అమ్మాయ్. నా మనసు కష్టపెట్టకూడదని చెప్తున్నావని నాకు తెల్వదా? నీ చేతిరాత నేను చూసా కదా. వయసైపోయింది, చూపు తగ్గుతుంది, బిగువు తెలియట్లేదు. ఎవరికైనా అంతే."

"కాదక్కా, నీ మీద ఒట్టు, అది అబద్ధం" అన్నాను.

"సరేలే" అంది, నమ్మని గొంతుతో. తర్వాత ఒళ్ళో ఉన్న జాకెట్టు తిరగేసి నా చేతిలో పెట్టింది. అందులో కుట్లు రెండుసార్లు విప్పి మళ్ళీ వేసిన గుర్తులున్నాయి. ఏడేళ్ళలో ఏనాడూ ఎవర్నీ అడగని మాట అడిగింది.

"ఇది బాగుందేమో నువ్వొకసారి చూసి చెప్పు."